ఉంగరపు వేలు ఎక్కడికి పోయింది?

అనంతపురంలో ఒక నృత్య కార్యక్రమానికి ముందురోజు సాయంత్రం హాలు గేటు పక్కన పెద్ద ఫ్లెక్సీ కట్టారు. మా గురువుగారి దగ్గర కూచిపూడి నేర్చుకుంటున్న పదమూడేళ్ల అమ్మాయి ఫోటో అందులో నిలువెత్తున ఉంది. మోకాళ్లు పక్కలకు విచ్చి అరమండిలో కూర్చుని, కుడిచేతిని ముందుకు ఏటవాలుగా చాచి, అరచేతిని మనవైపు తిప్పి త్రిపతాక అనే హస్తముద్ర పట్టింది. ముఖం, కళ్లు, పాపిడిబిళ్ల, వడ్డాణం అన్నీ ముచ్చటగా వచ్చాయి. చేయి ఒక్కటే మనిషి చేయిలా లేదు. అరచేయి ముఖం కన్నా పెద్దదిగా ఉంది, చిటికెన వేలి అంచు రెండుగా చీలినట్టు కనిపిస్తోంది, ఉంగరపు వేలు ఉండవలసిన చోట ఏమీ లేదు. ఆ అమ్మాయి ఫ్లెక్సీ ముందు నిలబడి తన చేతినీ బొమ్మలోని చేతినీ మార్చి మార్చి చూసుకుని, "అక్కా, నా ఉంగరం ఏలు యాడికి పోయింది?" అని అడిగింది.

నేను పన్నెండేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను. ఇప్పుడు గురువుగారికి వీలు కానప్పుడు తాళాలు వాయిస్తూ నాట్యాన్ని నడిపించే నట్టువాంగం పట్టుకుంటాను, పిల్లల కార్యక్రమాలకు ఫోటోలు తీస్తాను. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు ఆ సాయంత్రం సరైన జవాబు చెప్పలేకపోయాను. తరువాత దాని వెంటపడి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. నాట్యాన్ని దగ్గరగా తీసిన బొమ్మలో వేళ్లు వికృతంగా రావడం కెమెరా ఖరీదుకు సంబంధించిన సంగతి కాదని, తీసేవారికి హస్తమూ తాళమూ తెలియకపోవడమే దానికి కారణమని నా వాదన.

ముందుగా హస్తం సంగతి చెప్పాలి. నాట్య గ్రంథమైన అభినయ దర్పణంలో ఒంటి చేత్తో పట్టే అసంయుత హస్తాలు 28. వాటిలో మొదటిది పతాక. నాలుగు వేళ్లనూ కలిపి నిటారుగా చాచి, బొటనవేలిని వంచి చూపుడువేలి మొదలుకు ఆనిస్తే పతాక అవుతుంది. అందులో ఉంగరపు వేలిని వంచితే త్రిపతాక. త్రిపతాకలో చిటికెన వేలిని కూడా వంచితే అర్ధపతాక. ఈ మూడింటికీ మధ్య తేడా ఒక్కొక్క వేలే, కానీ అర్థాలు ఎంతో దూరం. పతాకతో మేఘాన్ని, అడవిని చూపుతాం. త్రిపతాకతో కిరీటాన్ని, చెట్టును, వజ్రాయుధాన్ని, దీపాన్ని చూపుతాం. అర్ధపతాకతో చిగురుటాకును, నది ఒడ్డును, గోపురాన్ని చూపుతాం. తెలుగు రాయడం వచ్చినవారికి దీన్ని వివరించడం తేలిక: "కల"కు దీర్ఘం తగిలిస్తే "కాల" అయినట్టే, ఒక వేలు వంగితే మాట మారిపోతుంది.

అందుకే ఆ ఫ్లెక్సీ విషయంలో నన్ను బాధపెట్టింది మొదటి తప్పు కాదు, దాన్ని దిద్దిన పద్ధతి. ఫోటో తీసిన స్టూడియోవారికి తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తే, వారు రాత్రికి రాత్రి బొమ్మను సరిచేసి కొత్త ఫ్లెక్సీ ముద్రించి తెచ్చారు. కొత్త దానిలో ఐదు వేళ్లూ ఉన్నాయి. ఉంగరపు వేలు లేకపోవడమే లోపమనుకుని, పక్కవేలిని చూసి అలాంటిదే నిటారుగా ఇంకొకటి అతికించారు. త్రిపతాక కాస్తా పతాక అయింది. పిల్ల పట్టినది కిరీటం, గోడ మీద కనిపిస్తున్నది మేఘం. వారిని నేను తప్పుపట్టలేను, ఎందుకంటే హస్తం తెలియని కంటికి వంగిన వేలు నిజంగానే లోపంలా కనిపిస్తుంది. "తరువాత ఎడిటింగ్‌లో సరిచేసుకోవచ్చు" అనే మాట మీద నాకు నమ్మకం పోయింది మాత్రం ఆ రోజే. తీసినప్పుడు చదవడానికి వీలుగా లేని వేలిని, తరువాత కూర్చుని దిద్దేవారు ఊహించి గీయవలసిందే.

మరి ఆ వేలు అసలు ఫోటోలో ఎందుకు కనిపించలేదు? అది అక్కడే ఉంది. అరచేయి మనకు ఎదురుగా ఉన్నప్పుడు, మధ్య కణుపు దగ్గర వంగిన ఉంగరపు వేలు నేరుగా కెమెరా వైపు వస్తుంది. వేలి పొడవు కనిపించదు, కొన మాత్రమే చిన్న గుండ్రంగా కనిపిస్తుంది. దాని వెనక ఉన్నది అదే రంగు అరచేయి. ఎదురుగా గట్టి వెలుగు పడితే ఆ కొనకూ అరచేతికీ మధ్య నీడ కూడా ఉండదు కాబట్టి వేలు అరచేతిలో కలిసిపోతుంది. చేతి వెనకవైపు నుంచి తీస్తే ఇంకో చిక్కు, వేలు ఆ వంగిన కణుపు దగ్గరే తెగినట్టు కనిపిస్తుంది. రెండింటికీ ఉపాయం ఒకటే: హస్తానికి ఎదురుగా కాక, ముప్పై నలభై డిగ్రీలు పక్కకు జరిగి నిలబడాలి. అప్పుడు వంగిన కణుపు పక్కనుంచి కనిపిస్తుంది, దాని నీడ అరచేతి మీద పడుతుంది, తక్కిన వేళ్ల మధ్య సందులు కూడా తెలుస్తాయి. అలపద్మ హస్తంలో ఈ అవసరం మరీ ఎక్కువ. రేకుల్లా విచ్చుకున్న వేళ్లలో ఏదో ఒకటి ఎప్పుడూ కెమెరా వైపే చూస్తూ ఉంటుంది, అది మొండిగా కనిపించకుండా ఉండే చోటును తీసేవారే వెతుక్కోవాలి. అందువల్ల కార్యక్రమానికి ముందు నాట్యం చేయబోయే పిల్లను, "ఈ జతి చివర ఏ హస్తం పడుతున్నావు, ఏ వైపుకు?" అని అడిగి పెట్టుకోవడం నాకు అలవాటయింది.

చేయి ముఖం కన్నా పెద్దదిగా రావడానికి కారణం దూరం. క్లోజప్ అంటే దగ్గరకు వెళ్లి తీయడం అనుకుంటారు. చాచిన చేయి ముఖానికి రమారమి 40 సెంటీమీటర్లు ముందు ఉంటుంది. ఫోన్ పట్టుకుని చేతికి 80 సెంటీమీటర్ల దూరంలో నిలబడితే ముఖం 120 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. అంటే ముఖంతో పోలిస్తే చేయి ఒకటిన్నర రెట్లు పెద్దదిగా పడుతుంది. అదే నాలుగు మీటర్ల దూరం నుంచి తీస్తే ముఖం 4.4 మీటర్ల దూరంలో ఉంటుంది, పెరుగుదల పదో వంతు మాత్రమే, కన్ను దాన్ని పట్టించుకోదు. కాబట్టి వెనక్కి వెళ్లి, ఫోన్‌లో రెండింతలో మూడింతలో చూపే లెన్సు పెట్టుకుని తీయాలి. వెడల్పుగా చూపే లెన్సుతో దగ్గర నుంచి తీసినప్పుడు ఇంకో దోషం కూడా ఉంటుంది, చేయి బొమ్మ అంచుకు వచ్చిందంటే వేళ్లు పక్కకు సాగిపోతాయి. స్టేజీ ముందు వరుసలో కూర్చున్న తల్లిదండ్రులు తీసిన బొమ్మల కన్నా, ఆరో వరుస నడవలో నిలబడి జూమ్ చేసి తీసినవారి బొమ్మల్లో వేళ్లు చక్కగా ఉండటానికి కారణం ఇదే.

దూరం, కోణం ఎవరైనా ఒక్క సాయంత్రంలో నేర్చుకోగలరు. క్షణాన్ని పట్టడం అలా కాదు, దానికి తాళం తెలియాలి.

జతి అంటే అడుగులకు పలికే అక్షరాల వరుస, దాన్ని ముగించే ముక్క తీర్మానం. ఆ అమ్మాయి చేసిన జతి చివరి తీర్మానాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. ఆదితాళంలో ఒక చుట్టుకు, అంటే ఒక ఆవర్తానికి, చేత్తో వేసే క్రియలు ఎనిమిది: ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్ల లెక్క, ఆపైన దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. నిమిషానికి 80 క్రియల నడకలో ఒక్కొక్క క్రియకు ముప్పావు సెకను. క్రియకు నాలుగు అక్షరాలు పడితే ఒక్కో అక్షరానికి సెకనులో ఐదో వంతుకు కొంచెం తక్కువ. తీర్మానం "తధిగిణతోం" అనే ఐదక్షరాల మాట మూడుసార్లు, మధ్యలో ఒక్కొక్క అక్షరం విరామం. ఐదో క్రియ దెబ్బ మీద మొదటి "త" ఎత్తుకుంటే, మొదటి "తోం" సరిగ్గా ఆరో క్రియ విసురు మీద పడుతుంది. రెండో "తోం" ఏడు, ఎనిమిది క్రియలకు నడిమధ్యన పడుతుంది. మూడోది తరువాతి ఆవర్తం మొదటి దెబ్బ మీద, అంటే సమం మీద పడుతుంది. మొత్తం మూడు సెకన్లు. ప్రతి "తోం"కూ కుడి పాదం తట్టు, కుడిచేయి రొమ్ము దగ్గర నుంచి చాచి త్రిపతాక.

ఇప్పుడు చేతిని గమనించండి. "ణ" నుంచి "తోం"కు వెళ్లేటప్పుడు చేయి అర మీటరు దూరాన్ని ఒక్క అక్షర కాలంలో దాటుతుంది. ఆ మధ్యలో సెకనులో అరవయ్యో వంతు షట్టర్‌తో బొమ్మ తీస్తే, షట్టర్ తెరుచుకున్నంతసేపట్లోనే చేయి నాలుగు సెంటీమీటర్లు జరుగుతుంది, అంటే రెండు మూడు వేళ్ల వెడల్పు. వేళ్లన్నీ ఒకదానిలో ఒకటి అలుక్కుపోతాయి. తక్కువ వెలుగులో ఫోను వరుసగా కొన్ని బొమ్మలు తీసి ఒకటిగా కలుపుతుంది కాబట్టి అంచులు రెండుగా కూడా వస్తాయి. ఫ్లెక్సీలో చిటికెన వేలు చీలినట్టు కనిపించడానికి కారణం ఇదేనని నా అనుమానం. "తోం" పడిన తరువాత మాత్రం చేయి రెండక్షరాల సేపు, సెకనులో మూడో వంతుకు పైగా నిలుస్తుంది. ఆ నిలకడలో నూట ఇరవై ఐదో వంతు షట్టర్‌తో కూడా గోళ్లు లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా వస్తుంది.

చిక్కేమిటంటే, కంటికి కనిపించినది చూసి వేలు నొక్కడానికి మనిషికి సెకనులో ఐదో వంతు పడుతుంది, ఫోను తన వంతు ఆలస్యం చేస్తుంది. "తోం" చూసి నొక్కినవారికి దక్కేది చేయి మళ్లీ బయలుదేరిన క్షణం. కాబట్టి చూసి కాదు, లెక్కపెట్టి నొక్కాలి. నా ఫోనుతో నేను "ణ" దగ్గరే నొక్కుతాను. పాదంతో తాళం వేసుకుంటూ, పెదవుల మధ్యన జతి చెప్పుకుంటూ ఉంటే వేలు దానంతట అదే ఆ అక్షరానికి కదులుతుంది. "ఆ మాత్రానికి తాళం ఎందుకమ్మా, వరుసగా పది ఫోటోలు తీస్తే ఏదో ఒకటి తగలదా" అని ఒక స్టూడియో పెద్దాయన నాతో అన్నారు. నెమ్మది నడక విలంబంలో అయితే ఆయన మాట నిజమే. వేగమైన మూడో కాలంలో చేయి నిలిచేది ఎంతోసేపు కాదు, సెకనుకు పది బొమ్మలంటే రెండింటి మధ్య పదో వంతు ఎడం, నిలకడ ఆ ఎడంలో జారిపోవచ్చు. సెకనుకు ముప్పై తీసే కెమెరా ఉన్నా, రాత్రికి మూడు వేల బొమ్మలు చేతికి వచ్చాక వాటిలో ఏది త్రిపతాకో, ఏది అప్పుడే సడలుతున్న చేయో ఎంచవలసింది మళ్లీ మనిషే కదా.

మూడు "తోం"లలో నేను తీయడానికి ఇష్టపడేది మొదటిదే. మూడోది సమం మీద పడుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది, అందరూ దాన్నే తీస్తారు. కానీ పిల్లలు సమం చేరగానే ఊపిరి వదులుతారు, ఆ ఊపిరితో పాటు వేళ్లూ సడలుతాయి. రెండోది క్రియల నడుమ పడుతుంది కాబట్టి కొత్తవారికి కొంచెం ముందో వెనకో అవుతుంది. మొదటి "తోం"లో శరీరం ఇంకా బిగువుగా ఉంటుంది, వేళ్ల కొనల దాకా ప్రాణం ఉంటుంది.

వేళ్ల తప్పు నర్తకిది కూడా కావచ్చు, దాన్ని కెమెరా మీదకు నెట్టకూడదు. మీ అరచేతిని బల్ల మీద బోర్లా పెట్టి, నడిమి వేలిని లోపలికి మడిచి, ఉంగరపు వేలిని పైకి ఎత్తడానికి ప్రయత్నించండి; అది లేవదు. ఈ వేళ్లను కదిలించే కండరాలూ వాటి చివరి తాళ్లూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఆ కారణంగానే త్రిపతాకలో ఉంగరపు వేలిని వంచగానే చిటికెన వేలు దాని వెంట వాలుతుంది. అది సగం వాలితే హస్తం సగం అర్ధపతాక అయినట్టే. ఇంకొందరు బిగువు కోసం వేళ్లను వెనక్కి విల్లులా వంచుతారు, పక్కనుంచి తీసిన బొమ్మలో అవి విరిగినట్టు కనిపిస్తాయి. మా గురువుగారు పిల్లల చేత ఒక్కొక్క హస్తాన్ని ఒక పూర్తి ఆవర్తం పట్టించి, చివరి విసురు దాకా చిటికెన వేలిని గమనిస్తారు. కెమెరా పట్టేవారికి కూడా ఇదే ఆనవాలు: బొమ్మ అలుక్కుపోయి వేలు చెడితే దాని అంచు మసకగా ఉంటుంది, అంచు పదునుగా ఉండి వేలు వాలి ఉంటే ఆ తప్పు సాధనలో దిద్దుకోవలసినది.

బట్టల రంగు కూడా వేళ్లను మింగుతుందని నేను ఆలస్యంగా గ్రహించాను. మా వైపు నృత్య దుస్తులకు ధర్మవరం పట్టుచీరనే తీసుకుంటారు, వెడల్పు జరీ అంచు ఉన్నది. పైట కొంగును మడతలు పెట్టి ముందువైపు విసనకర్రగా కుట్టిస్తారు. ఆ అమ్మాయిది ముదురు కుంకుమ రంగు. వేళ్ల కొనలకు పెట్టేది ఎర్రని పారాణి. దూరాన కూర్చున్నవారికి వేలి కొనలు తెలియడానికే పారాణి పెడతారు, కానీ కుంకుమరంగు జాకెట్టు ముందుకు ఆ చేయి వచ్చినప్పుడు ఎరుపులో ఎరుపు కలిసి, వేళ్లు చివరి కణుపు దగ్గర తెగినట్టు కనిపిస్తాయి. ఒక్క అడుగు ఎడమకు జరిగి, చేయి వెనక నల్లని తెర వచ్చేలా తీస్తే పారాణి దీపాల్లా వెలుగుతుంది. అయితే నల్లని తెర ఎక్కువగా ఉన్నప్పుడు ఫోను వెలుగు పెంచేస్తుంది, అరచేయి తెల్లబారి వేళ్ల మధ్య గీతలు చెరిగిపోతాయి. ఫోనులో కనిపించే అరచేతి మీద తాకి వెలుగును కొంత తగ్గించి పెట్టుకోవాలి. తెర ఏ రంగో ముందే కనుక్కుని దుస్తుల రంగు ఎంచుకునే తల్లులను నేను చూశాను, వారికి నా నమస్కారం.

పాదాలను చేతులతో కలిపి ఒకే క్లోజప్‌లో ఇరికించకూడదన్నది నా గట్టి అభిప్రాయం. పాదం కోసం నేలకు జానెడు ఎత్తున ఫోన్ పెట్టి, మళ్లీ దూరం నుంచే తీయాలి. తట్టు అంటే మడమ, వేళ్లు, మొత్తం పాదం ఒక్కసారిగా నేలను తాకడం. మంచి తట్టు ఒకే శబ్దంగా వినిపిస్తుంది. మడమ ముందు పడితే రెండుగా వినిపిస్తుంది. కాలివేళ్లు పైకి ముడుచుకుని ఉంటే భారం మడమ మీదే ఉందని అర్థం. పాదం ఆగిన తరువాత కూడా గజ్జెలు ఊగుతూనే ఉంటాయి. కాబట్టి "తోం" మీద నూట ఇరవై ఐదో వంతుతో తీసిన బొమ్మలో పాదమూ, దాని పారాణి గీతా పదునుగా, గజ్జెల అంచులు మాత్రం సన్నగా చెదిరి కనిపిస్తాయి. ఇంకా వేగంగా, వెయ్యో వంతుతో తీస్తే గజ్జెలు కూడా రాయిలా ఆగిపోతాయి, చూసేవారికి ఆ కాలు ఇప్పుడే నేలను కొట్టిందో ఎప్పటి నుంచి అక్కడ ఉందో తెలియదు. వేళ్లలో చెదరడం దోషం, గజ్జెల్లో అదే చెదరడం లయకు సాక్ష్యం. విసనకర్ర మడతలూ అంతే, మోకాళ్లు విచ్చుకున్న వెంటనే కాక ఒక్క రవ్వ ఆలస్యంగా పూర్తిగా తెరుచుకుంటాయి. మడతలు రెండువైపులా సమానంగా విచ్చుకోకపోతే అరమండిలో ఒక మోకాలు లోపలికి వస్తోందని కూడా ఆ బొమ్మే చెబుతుంది.

లేపాక్షి నాట్యమండపంలో స్తంభాల మీది రంభను, తుంబురుని చూసినప్పుడల్లా ఆ శిల్పులు ఎంచుకున్నది కూడా నిలకడ క్షణాన్నే అనిపిస్తుంది నాకు. వారికి షట్టర్ లేదు, చేతిని గాలిలో చెక్కే వీలు లేదు, స్తంభపు రాతినే ఆనించి చెక్కాలి. అయినా చూసేవారు అడుగు ఎక్కడ పడిందో చెప్పగలరు.

మొన్నటి సాధనలో ఆ అమ్మాయి తీర్మానాన్ని మళ్లీ తీశాను. నాలుగు మీటర్ల దూరం, కుడివైపుకు జరిగి, వెనక నల్లని తెర, "ణ" మీద నొక్కాను. బొమ్మలో ఉంగరపు వేలు మధ్య కణుపు దగ్గర వంగి, దాని నీడ అరచేతి మీద పడి, స్పష్టంగా ఉంది. ఆ అమ్మాయి ఫోన్ తీసుకుని రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. "ఉంగరం ఏలు ఉందక్కా. చిటికెన ఏలు కొంచెం వాలింది సూడు" అంది. నేను అప్పటిదాకా గమనించలేదు, నిజంగానే వాలి ఉంది. ఫోన్ నా చేతిలో పెట్టి, గోడవైపు తిరిగి నిలబడి, త్రిపతాక పట్టి, ఎడమచేత్తో తొడ మీద తాళం వేసుకుంటూ మొదటి దెబ్బ నుంచి లెక్క మొదలుపెట్టింది.